మేం వచ్చేదాకా ఆ గది ఉంచండి

డిసెంబరు చివరి వారంలో, శనివారం సాయంత్రం చీకటిపడే వేళకి అరకులో ఏ లాడ్జి దగ్గర నిలబడినా ఒకటే దృశ్యం. ఘాట్ ఎక్కి వచ్చిన కార్లు గేటు ముందు ఆగుతుంటాయి. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటారు. ముందు సీట్లోంచి ఒకరు దిగి, చలికి చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చి, "గదులేమైనా ఉన్నాయాండీ?" అని అడుగుతారు. బుక్ చేసుకోకుండా బయల్దేరినవాళ్లు. కౌంటర్‌లో ఉన్నాయన రిజిస్టరు తిప్పి చూస్తాడు. ఒక గది ఖాళీగానే ఉంది. కానీ దాని ఎదురుగా ఇంకెవరిదో పేరుంది. వాళ్లు నాలుగింటికి వస్తామన్నారు. ఇప్పుడు ఏడున్నర. ఫోన్ చేస్తే స్విచాఫ్.

మూడేళ్ల కిందట ఆ స్విచాఫ్ అయిన ఫోను నాది. నేను అప్పుడు ఢిల్లీ నుంచి విశాఖకు వచ్చే విమానంలో ఉన్నాను. విమానం ఎక్కే ముందు హడావిడిగా ఒక మెసేజ్ పంపాను: "ఫ్లైట్ లేటయిందండీ, కొంచెం రూమ్ ఉంచండి ప్లీజ్." అంతే. చెప్పాల్సింది చెప్పేశాననే అనుకున్నాను. రాత్రి పదకొండింటికి అరకు చేరేసరికి మా గదిలో వేరే కుటుంబం పడుకుని ఉంది. నాకు కోపం వచ్చింది. గొంతు పెంచాను. ఆ యజమాని, అరవై దాటిన పెద్దాయన, నా మెసేజ్‌ని తన ఫోన్లో నాకే చూపించి నెమ్మదిగా అడిగాడు: "కొంచెం అంటే ఎంతండీ బాబూ?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆయనే భోజనాల హాల్లో బల్లలు పక్కకు జరిపించి, పరుపులు వేయించి, నాలుగు రగ్గులు ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. పొద్దున్న టీ తాగుతూ ఆయన చెప్పిన లెక్క విన్నాక నాకు తత్వం బోధపడింది. గది అద్దె 3,500 రూపాయలు. మేం కట్టిన అడ్వాన్సు 500. ఏడింటికి ఒక కుటుంబం వచ్చి నిలబడింది. వాళ్లను పంపేసి మా కోసం గది ఉంచితే, మేం రాకపోతే ఆయనకు మూడు వేలు పోయినట్టే. రాత్రి తొమ్మిది దాటాక ఘాట్ ఎక్కి కొత్తగా ఎవరూ రారు. పోయిన రాత్రి మళ్లీ అమ్ముడుపోదు. మేం వస్తామో లేదో, వస్తే ఎప్పుడో నా మెసేజ్‌లో లేదు. ఎనిమిది దాకా చూశాడు. రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఇచ్చేశాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్లు.

విమానం ఆలస్యమైనప్పుడు హోటలుకు రాసే ఉత్తరాన్ని మనం క్షమాపణ ఉత్తరంలా రాస్తాం. పొగమంచు గురించి, ఎయిర్‌పోర్టులో పడ్డ అవస్థ గురించి రాస్తాం. హోటల్ యజమానికి అవేవీ అక్కర్లేదు. మన విమానం ఆలస్యమవడంలో ఆయన తప్పేమీ లేదు, కాబట్టి గది ఉంచి తీరాల్సిన బాధ్యతా చాలాసార్లు ఉండదు. సగం డబ్బు కట్టని బుకింగ్‌ను చెప్పిన వేళ దాటాక వదిలేయడం హోటళ్లలో మామూలే. సాయంత్రం ఆరింటిదాకా చూసి వదిలేసే హోటళ్లు చాలా ఉన్నాయి. మనం ఆయన్ని అడుగుతున్నది ఏమిటంటే, ఎదురుగా నిలబడ్డ మనిషిని వెనక్కి పంపి, కంటికి కనబడని మనిషిని నమ్మమని. నమ్మడానికి ఆయనకు రెండు విషయాలు కావాలి. ఏ వేళకు వస్తారు? రాకపోతే ఆ ఖాళీ గది ఖర్చు ఎవరిది? ఈ రెండూ ఉంటే నాలుగు ముక్కల వాట్సాప్ సందేశమైనా మంచి ఉత్తరమే. ఇవి లేకపోతే రెండు పేజీలు రాసినా అది నా పాత మెసేజే.

ఈ సంగతి నాకు నిజంగా పనికొచ్చింది పోయిన డిసెంబరులో. మళ్లీ అరకే, మళ్లీ ఢిల్లీ నుంచే. ఈసారి మాతో డెబ్బై ఏళ్ల మా అమ్మ కూడా ఉంది. 27, 28 రాత్రులకు ఒక చిన్న లాడ్జిలో గది తీసుకున్నాం. అద్దె రోజుకు 3,500. అడ్వాన్సు 1,000 కట్టాం. విమానం మధ్యాహ్నం 12.20కి. విశాఖలో 2.45కి దిగి, సామాను తీసుకుని కారెక్కేసరికి 3.20. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది కాబట్టి, మధ్యలో టీకి ఆగి, అమ్మ కాళ్లు చాపుకోవడానికి ఇంకోసారి ఆగి, నాలుగు గంటలు వేసుకున్నాం. సాయంత్రం ఏడుంపావుకు అక్కడుంటామని యజమానికి చెప్పాం.

27 ఉదయం 9.40కి, ఇంకా ఇంట్లో ఉండగానే, ఎయిర్‌లైన్స్ నుంచి సందేశం వచ్చింది. విమానం 2.30కి బయల్దేరుతుందట. కిటికీలోంచి చూస్తే ఎదురింటి మేడ కనబడటం లేదు. ఉత్తరాది శీతాకాలంలో ఇది కొత్తేమీ కాదు. పొగమంచు పడితే విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచుతారు. గంటకు దిగేవీ ఎగిరేవీ తగ్గిపోతాయి. పది, పదకొండింటికి ఎండ వచ్చి మంచు విడిపోయినా తిప్పలు విడవవు. ఎందుకంటే మధ్యాహ్నం మనం ఎక్కాల్సిన విమానం పొద్దున్నుంచి ఇంకెక్కడెక్కడికో తిరిగి రావాలి. పొద్దున ఒక చోట చిక్కుబడితే ఆ ఆలస్యం సాయంత్రందాకా ఒక్కో ప్రయాణానికీ అంటుకుంటూ పోతుంది.

అందుకే సందేశంలో చెప్పిన 2.30ని నేను నమ్మలేదు. ఫ్లైట్‌రాడార్24 లాంటి చోట్ల మన విమానం నంబరుతో వెతికితే, ఆ ప్రయాణానికి ఏ విమానాన్ని కేటాయించారో, అది ఇప్పుడు ఎక్కడుందో చాలాసార్లు తెలిసిపోతుంది. మాది ఢిల్లీ నుంచి పట్నా వెళ్లి, తిరిగొచ్చి, అప్పుడు మమ్మల్ని తీసుకెళ్లాలి. 10.40కి చూస్తే అది ఇంకా ఢిల్లీలోనే ఉంది. పట్నాకు గంటన్నర, అక్కడ ముప్పావుగంట, తిరిగి రావడానికి గంటన్నర. ఆ క్షణంలో ఎగిరినా 2.25కి గానీ ఢిల్లీలో దిగదు. దిగాక శుభ్రం చేసి, మమ్మల్ని ఎక్కించడానికి ఇంకో ముప్పావుగంట. అంటే ఎంత బాగా జరిగినా మూడుంపావు. మూడు ముప్పావు అనుకుంటే ఒళ్లు దగ్గరపెట్టుకున్నట్టు. అప్పుడు విశాఖలో దిగేది 6.10. బయటపడేది 6.50. నాలుగు గంటల దారి. అరకు చేరేది రాత్రి పదకొండు కావొస్తుంటే.

ఈ లెక్క ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, చాలామంది హోటలుకు "ఫ్లైట్ రెండు గంటలు లేట్" అని రాస్తారు. అరకులో కూర్చున్నాయనకు మన విమానం అసలు ఎన్నింటికో తెలియదు. రెండు గంటలు దేనికి కలపాలో తెలియదు. ఆయనకు కావాల్సింది విమానం వేళ కాదు, తన గేటు ముందు మన కారు ఆగే వేళ. ఆ లెక్క మనమే వేసి, చివరి అంకె మాత్రం ఆయనకు ఇవ్వాలి. ఆ అంకెను కొంచెం వెనక్కి జరిపే చెప్పాలి. పదకొండన్నాయన పదిన్నరకు వస్తే ఎవరికీ బాధ లేదు. తొమ్మిదన్నాయన పదకొండుకు వస్తే, ఆ రెండు గంటలూ ఒక మనిషి నిద్ర మానుకుని కూర్చోవాలి.

పదకొండు అయ్యేసరికి ఇలా రాసి పంపాను. పైన బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో, నంబరు ఏమిటో రాశాను. ఆ తర్వాత:

"నమస్కారమండీ. డిసెంబరు 27, 28 రాత్రులకు మీ దగ్గర మాకు ఒక గది బుక్ అయి ఉంది. నలుగురం. అడ్వాన్సు 1,000 రూపాయలు కట్టాం. ఢిల్లీలో పొగమంచు వల్ల మా విమానం ఆలస్యమవుతోంది. సాయంత్రం 7.15కి రావాల్సినవాళ్లం, ఈ రాత్రి 11 గంటలకు మీ గేటు దగ్గర ఉంటాం. దయచేసి గది మాకే ఉంచండి. ఈ రాత్రి అద్దెలో మిగిలిన 2,500 ఇప్పుడే పంపుతున్నాను. మేం రాలేకపోయినా ఈ రాత్రి అద్దె మీదే. విమానంలో ఉన్నంతసేపూ, సుమారు 3.45 నుంచి 6.15 దాకా, నా ఫోన్ పనిచేయదు. ఆ సమయంలో ఏమైనా అడగాలంటే విశాఖలో ఉన్న మా తమ్ముడికి చేయండి. నంబరు కింద ఇచ్చాను. ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి మీకు చెబుతాను. భోజనం దారిలో చేసి వస్తాం. 11 గంటలకు గేటు తీయడానికి ఎవరైనా ఉంటారా? ఆ వేళకు కుదరదంటే ఇప్పుడే చెప్పండి, వేరే ఏర్పాటు చూసుకుంటాం."

దీంట్లో నేను బాగా ఆలోచించి రాసిన వాక్యం డబ్బు గురించిన వాక్యం. "మేం రాలేకపోయినా ఈ రాత్రి అద్దె మీదే" అని రాశాక, ఏడింటికి తలుపు తట్టిన మనిషికి గది ఇవ్వాల్సిన అవసరం ఆయనకు ఇక లేదు. ఆ ఖాళీ ఖర్చు నా నెత్తిన పడింది, అది న్యాయమే. ఆలస్యం ఆయన వల్ల కాదు కదా. 2,500 పెట్టి నేను కొనుక్కున్నది ఆ రాత్రి అమ్మకు ఒక మంచం. డబ్బు ముందే మొత్తం కట్టేసిన బుకింగ్ అయితే ఈ వాక్యం అక్కర్లేదు. కానీ అప్పుడు కూడా "వస్తున్నాం" అని రాయడం మానకూడదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

రెండోది ఫోన్ పనిచేయని వేళ. మూడేళ్ల కిందట నన్ను ముంచింది అదే. ఇప్పుడు ఆయన ఐదింటికి ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చినా కంగారు పడడు. విమానంలో ఉన్నారనుకుంటాడు. పైగా ఎత్తడానికి ఇంకో మనిషి ఉన్నాడు. అరకు దారిలో ఘాట్ మీద సిగ్నల్ కూడా అన్నిచోట్లా ఉండదు. అందుకే చివరి కబురు ఎస్.కోట దాటకముందే చెప్పేయాలి.

గేటు మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. పెద్ద హోటళ్లలో రాత్రంతా ఎవరో ఒకరు కౌంటర్‌లో ఉంటారు. యజమానే నడుపుకునే లాడ్జిలో, హోమ్‌స్టేలో పది దాటాక అందరూ పడుకుంటారు. గది ఉంచడం ఒక ఎత్తు, అర్ధరాత్రి లేచి తలుపు తీయడం ఇంకో ఎత్తు. రెండోది విడిగా అడగాలి. మొదటిదానికి ఒప్పుకుంటే రెండోదానికీ ఒప్పుకున్నట్టే అనుకోకూడదు. ఇంకో మాట కూడా అడగొచ్చు. మన ఊళ్లలో చాలా లాడ్జిలకు ఇరవైనాలుగు గంటల పద్ధతి ఉంటుంది. దిగిన వేళ నుంచి మర్నాడు అదే వేళ దాకా ఒక రోజు. అక్కడ రాత్రి పదకొండుకు దిగితే మనకు నష్టం లేదు. మధ్యాహ్నం పన్నెండుకో పదకొండుకో ఖాళీ చేయాలనే చోట మాత్రం, అర్ధరాత్రి దిగినా మర్నాడు అదే వేళకు ఖాళీ చేయాలి. ఒక్క రాత్రి బసకైతే ఈ తేడా పెద్దదే.

డబ్బు పంపేటప్పుడు ఒక జాగ్రత్త. ఎయిర్‌పోర్టులో కంగారులో హోటల్ పేరు వెతికి, కనబడ్డ నంబరుకు ఫోన్ చేసేవాళ్లు ఎందరో. హోటళ్ల పేరుతో దొంగ నంబర్లు పెట్టి, "అవునండీ, గది ఉంచాలంటే ఇప్పుడే ఈ యూపీఐకి పంపండి" అనేవాళ్లు ఉన్నారు. ఆలస్యమై తొందరలో ఉన్న మనిషే వాళ్లకు కావాలి. బుకింగ్ రసీదు మీద ఉన్న నంబరుకే చేయండి. అడ్వాన్సు ఏ ఖాతాకు వెళ్లిందో ఆ ఖాతాకే పంపండి. ఖాతా మారిందని ఎవరైనా చెబితే పంపకండి.

పావుగంటలో జవాబు వచ్చింది. "సరేనండి. డబ్బు ముట్టింది. మా కుర్రాడు హాల్లోనే పడుకుంటాడు, హారన్ కొట్టండి." అమ్మకు చదివి వినిపించి ఎయిర్‌పోర్టుకు బయల్దేరాం.

మధ్యాహ్నం 3.30కి లెక్క మళ్లీ తారుమారైంది. పట్నాకు వెళ్లిన విమానం అక్కడ చిక్కుకుంది. కొత్త వేళ సాయంత్రం ఆరు. ఎయిర్‌లైన్స్‌వాళ్లు తలా ఒక శాండ్‌విచ్, ఒక జ్యూస్ డబ్బా ఇచ్చారు. మన దేశంలో నియమం ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, రెండు గంటలు దాటి ఆలస్యమైనప్పుడు ఫలహారం ఇవ్వాలి. ఆలస్యం ఆరు గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో అడగొచ్చు. మాది ఐదు గంటల నలభై నిమిషాలు. ఎయిర్‌లైన్స్ ఖర్చుతో హోటల్ బస దొరకాలంటే ఇరవైనాలుగు గంటలు దాటాలి, లేదా రాత్రి 8కీ తెల్లవారుజామున 3కీ మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమవ్వాలి. అది కూడా ఆగిపోయిన ఊళ్లో బస. మనం చేరాల్సిన ఊళ్లో బుక్ చేసుకున్న గది నష్టాన్ని వాళ్లు భరించరు. అందులోనూ పొగమంచు లాంటి వాతావరణ కారణమైతే నష్టపరిహారం మాటే ఉండదు. ప్రయాణ బీమా ఉన్నవాళ్లు ఆలస్యం వేళలతో ఎయిర్‌లైన్స్ దగ్గర ఒక కాగితం రాయించుకుంటే మంచిది. మాకు బీమా లేదు.

ఆరింటికి ఎగిరితే విశాఖలో 8.25. బయటికి 9. అరకుకు రాత్రి ఒంటిగంట. గది ఉంది, కుర్రాడు హాల్లో పడుకుని ఉంటాడు, డబ్బు కట్టేశాం. వెళ్లొచ్చు. కానీ డిసెంబరు అర్ధరాత్రి అనంతగిరి ఘాట్ మలుపుల మీద మంచు ఎలా దిగుతుందో చూసినవాళ్లకు తెలుసు. హెడ్‌లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టుంటుంది. పొద్దున్నుంచి ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కూర్చున్న డెబ్బై ఏళ్ల మనిషి పక్కన ఉంది. 2,500 రూపాయలు పోతాయని ఆ దారిన వెళ్లడం సరికాదనిపించింది. డబ్బు కట్టేశాం కదా అని తప్పుడు నిర్ణయం తీసుకునేవాళ్లను చాలామందిని చూశాను. గది కోసం రోడ్డును పణంగా పెట్టకూడదు.

అప్పుడు రెండో ఉత్తరం రాశాను. ఇది మొదటిదాని లాంటిది కాదు. మొదటిదాంట్లో గది ఉంచమన్నాను. ఇందులో ఒక రాత్రి వదిలేసి, ఇంకో రాత్రి ఉంచమనాలి.

"నమస్కారమండీ. మా విమానం ఇంకా ఆలస్యమై సాయంత్రం 6కి బయల్దేరుతోంది. విశాఖ చేరేసరికి 8.30 అవుతుంది. పెద్దావిడతో అర్ధరాత్రి ఘాట్ ఎక్కడం మంచిది కాదని ఈ రాత్రి విశాఖలో మా తమ్ముడి ఇంట్లోనే ఉండిపోతున్నాం. కాబట్టి ఈ రాత్రికి, అంటే 27 రాత్రికి, గది మీరు వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చు. 28 రాత్రి గది మాత్రం మాకు తప్పకుండా కావాలి. బుకింగ్ రద్దు చేయకండి. రేపు ఉదయం 6కి బయల్దేరి 10.30 లోపు వస్తాం. అప్పటికి గది ఖాళీ కాకపోతే సామాను పెట్టుకుని హాల్లో కూర్చుంటాం. ఈ రాత్రి గది నిండితే, మేం కట్టిన డబ్బు రేపటి అద్దెలో జమ చేసుకోగలరేమో చూడండి. నిండకపోతే అది మీదే. మీ కుర్రాణ్ని మా కోసం మెలకువగా ఉండొద్దని చెప్పండి."

టైము నాలుగు కావొస్తోంది. ఈ ఉత్తరం ఆ వేళకు వెళ్లడమే ముఖ్యం. శనివారం సాయంత్రం గదుల కోసం తిరిగేవాళ్లు ఐదు నుంచి ఎనిమిది మధ్య వస్తారు. నాలుగింటికి చెబితే ఆయన ఆ గదిని అమ్ముకోగలడు. తొమ్మిదింటికి విశాఖలో దిగి తీరిగ్గా చెబితే అమ్ముకోలేడు. అప్పుడు డబ్బు జమ చేయమని అడిగే మొహం కూడా నాకు ఉండదు. రాలేమని తెలిసిన క్షణాన చెప్పాలి, దిగాక కాదు.

"28 రాత్రి తప్పకుండా కావాలి, రద్దు చేయకండి" అని నొక్కి రాయడానికి కారణం ఉంది. ఇందాక చెబుతానన్నది ఇదే. రెండు మూడు రాత్రుల బుకింగ్ ఉన్నవాళ్లు మొదటి రాత్రి రాకపోతే, మిగతా రాత్రులకు కూడా రారనే హోటళ్లు అనుకుంటాయి. చిన్న లాడ్జిలో రిజిస్టరులో అడ్డగీత పడుతుంది. పెద్ద హోటళ్లలో ఈ పని కంప్యూటర్ మీద జరుగుతుంది. రాత్రి ఆ రోజు లెక్కలు ముగించి, తేదీ మార్చి, మర్నాటి లెక్క తెరుస్తారు. దీన్ని నైట్ ఆడిట్ అంటారు. ఆ వేళకు రాని పేర్లన్నీ 'నో షో' కింద పడతాయి. నో షో పడిందంటే ఒక రాత్రి అద్దె పట్టుకుని, మిగతా బుకింగ్ మొత్తం రద్దు చేసే హోటళ్లు చాలా ఉన్నాయి. మూడు రాత్రులకు పూర్తి డబ్బు కట్టి, రెండో రోజు పొద్దున్న వెళ్లి, గది లేదనిపించుకున్నవాళ్లు ఉన్నారు. డబ్బు కట్టినా "వస్తున్నాం" అని రాయాలన్నది ఇందుకే. బుకింగ్ సైటు ద్వారా తీసుకున్న గదైతే హోటలుకు ఫోన్ చేసి ఊరుకోకుండా, అదే మాట ఆ సైటు సందేశాల్లో కూడా రాయాలి. రేపు వాదన వస్తే సైటువాళ్లు చూసేది దాన్నే.

తేదీ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఒంటిగంటకో రెండింటికో చేరే పరిస్థితి వస్తే "28న తెల్లవారుజామున 2కి వస్తాం" అని రాస్తారు. క్యాలెండరు ప్రకారం అది సరే. హోటల్ లెక్కలో మాత్రం అది ఇంకా 27 రాత్రే. 28 అని మాత్రమే చూసిన మనిషి, మీరు 28 మధ్యాహ్నం దిగేవాళ్లనుకుని 27 రాత్రికి గది ఇచ్చేస్తాడు. ఎయిర్‌పోర్టులో కూర్చుని అప్పటికప్పుడు కొత్త గది తీసుకునేవాళ్లు కూడా ఇలాగే 28కి బుక్ చేసి, రెండింటికి వెళ్లి, పగలు దాకా బయట కూర్చుంటారు. "27 రాత్రి బసకే, 28 తెల్లవారుజామున 2 గంటలకు చేరతాం" అని రెండు తేదీలూ రాస్తే ఏ గొడవా ఉండదు. నేను కూడా "ఈ రాత్రికి, అంటే 27 రాత్రికి" అని ఒకే మాట రెండుసార్లు చెప్పింది అందుకే.

విశాఖలో దిగేసరికి తొమ్మిదికి పది నిమిషాలు. ఫోన్ తెరిస్తే రెండో ఉత్తరానికి జవాబు ఉంది, ఆరుంపావుకు పంపింది. "మంచిపని చేశారండి. పైన మంచు బాగా ఉంది. గది పార్వతీపురం వాళ్లకు ఇచ్చాను. పొద్దున్న తొమ్మిదికి ఖాళీ చేస్తారు. జాగ్రత్తగా రండి."

మర్నాడు పదింటికి చేరాం. దుప్పట్లు మార్చి గది సిద్ధంగా ఉంది. అమ్మ నేరుగా వెళ్లి నడుం వాల్చింది. నేను సంతకం చేయడానికి కౌంటర్ దగ్గరికి వెళ్తే, ఆయన రిజిస్టరు నా వైపు తిప్పాడు. 27 తేదీ వరుసలో మా పేరు మీద ఒక గీత, పక్కన చిన్న అక్షరాలతో "ఫ్లైట్ లేటు, చెప్పారు" అని ఉంది. కింద 28 వరుసలో మా పేరు మళ్లీ రాసి ఉంది. దాని ఎదురుగా అద్దె 3,500, జమ 3,500, బాకీ అన్న చోట ఒక సున్నా.